లాక్‌డౌన్: ఎవరికి వాయిదా, ఎవరికి నష్టం?

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి టీవీలో మాట్లాడారు. అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. ముందు 21 రోజులన్నారు. తర్వాత మే 3 వరకు, ఆ తర్వాత 17 వరకు, చివరికి 31 వరకు పొడిగించారు. ఆ రోజులు గడిచి చాలా కాలమైంది. మాస్కులు పోయాయి, దుకాణాలు తెరిచారు, మన ఎలమంచిలి అప్పటి విశాఖ జిల్లా నుంచి 2022లో అనకాపల్లి జిల్లాకు మారింది. అయితే ఆ రెండు నెలలనూ, వాటి వెంట వచ్చిన ఏడాదిన్నర బడి మూతనూ ఒక చదువుగా మలచుకుని చూడవలసిన అవసరం ఇంకా ఉందని మా అభిప్రాయం. ఈ సంస్థకు చేయూతనిచ్చే దాతలకు ఆ చదువు ఎక్కువగా ఉపయోగపడుతుంది. ఏ దెబ్బ దానంతట అదే మానింది, ఏది మానలేదు అన్నది తెలిస్తేనే రూపాయి ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ప్రయోగం అని ఎందుకంటున్నాం?

బీఎడ్ చదివిన రోజుల్లో ప్రయోగం అంటే ఏమిటో మాకు పొలం ఉదాహరణతో చెప్పేవారు. పక్కపక్కనే ఉన్న రెండు మళ్లలో ఒకే విత్తనం వేస్తారు, ఒకే నీరు పెడతారు. ఒక మడికే ఎరువు వేస్తారు. పంటలో తేడా వస్తే అది ఎరువు వల్లనే అని చెప్పవచ్చు. మనుషుల మీద ఇలాంటి ప్రయోగం చేయకూడదు. ఫలానా పిల్లలను ఏడాది పాటు బడికి రానివ్వకుండా ఉంచి ఏమవుతుందో చూద్దాం అని ఏ పరిశోధకుడూ అనలేడు. ఎవరూ అనుకోకుండా పరిస్థితులే అలాంటి పని చేసినప్పుడు దాన్ని సహజ ప్రయోగం అంటారు.

లాక్‌డౌన్ అలాంటిదే, కాకపోతే అది తిరగేసిన ప్రయోగం. పొలంలో మళ్లు ఒకటే, వేసిన ఎరువు వేరు. ఇక్కడ ఆజ్ఞ అందరికీ ఒకటే, ఇళ్లు వేరు. కనుక ఫలితంలో కనిపించిన తేడాలో ఎక్కువ భాగం ఇళ్లలో ముందే ఉన్న తేడా. దీనికి ఒక హద్దు కూడా ఉంది. అదే సమయంలో జబ్బు భయం ఉంది, ధరల మార్పు ఉంది, ప్రభుత్వ సాయమూ ఉంది. ఫలానా నష్టం కేవలం లాక్‌డౌన్ వల్లనే అని గట్టిగా చెప్పాలంటే సరైన పోలిక దొరకాలి. అలాంటి పోలిక దొరికిన చోట్లనే ఈ వ్యాసంలో కాస్త ఆగి చూస్తాం.

పని: జీతం, కూలి, సీజను

మన ప్రాంతంలో మూడు రకాల ఇళ్లను ఊహించుకుందాం. మొదటి ఇంట్లో స్టీల్ ప్లాంటులో పర్మినెంటు ఉద్యోగి. రెండో ఇంట్లో అచ్యుతాపురం సెజ్‌లోని బట్టల ఫ్యాక్టరీకి రోజూ బస్సులో వెళ్లే అమ్మాయి. మూడో ఇంట్లో బజారులో కుట్టు మిషను పెట్టుకున్న దర్జీ.

ఉక్కు కర్మాగారాన్ని స్విచ్ వేసి ఆపినట్లు ఆపలేరు. కోక్ ఓవెన్ల గోడలు సిలికా ఇటుకలతో కడతారు. అవి ఒకసారి చల్లారితే పగుళ్లు వస్తాయి. అందుకే ఉత్పత్తి తగ్గించుకున్నా మంట మాత్రం ఆర్పరు. విశాఖ పోర్టు కూడా అత్యవసర సేవల కింద నడిచింది. పర్మినెంటు ఉద్యోగికి భయం ఉంది, ఇబ్బంది ఉంది, కానీ ఉద్యోగం అలాగే ఉంది. సెజ్ అమ్మాయి సంగతి వేరు. ఆమె పని బస్సు మీద ఆధారపడింది. బస్సు ఆగితే ఫ్యాక్టరీ దూరమైపోతుంది. కార్మికులకు జీతం కోయకుండా ఇవ్వాలని మార్చి 29న కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ఇచ్చింది. మే 18 నుంచి అది అమలులో లేదు. ఉన్నన్నాళ్లు కూడా కంపెనీ రిజిస్టరులో పేరున్నవాళ్లకే దాన్ని చూపి అడిగే వీలుంది. కాంట్రాక్టరు కింద రోజు లెక్కన పనిచేసేవాళ్లు ఎవరిని అడగాలి?

ఇక దర్జీ. ఆ ఏడాది రంజాన్ మాసం ఏప్రిల్ 25న మొదలైంది, మే 25న పండుగ. అంటే మాసమంతా లాక్‌డౌన్‌లోనే పోయింది. బట్టల దుకాణం తెరవలేదు కనుక కుట్టడానికి గుడ్డ రాలేదు. దర్జీకి ఏడాదిలో అన్ని నెలలూ ఒకటి కావు. పండుగ ముందు నాలుగు వారాల్లో రాత్రింబవళ్లు కుట్టి సంపాదించినదే వర్షాకాలంలో అద్దె కడుతుంది, పిల్లల పుస్తకాలు కొంటుంది. ఆ నాలుగు వారాలు పోతే పోయినది నెల ఆదాయం ఒక్కటే కాదు, సగం ఏడాది నిలువ. పెళ్లిళ్ల వంటవాళ్లకు, షామియానా వాళ్లకు, పండ్ల బండి వాళ్లకు కూడా ఇదే జరిగింది. రెండు నెలలు మూతపడటం క్యాలెండరులో అందరికీ సమానమే, సీజను మీద బతికేవాళ్లకు మాత్రం కాదు.

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. ఆ మార్చి నెల మా ప్రభుత్వ ఉద్యోగుల జీతంలో సగం వాయిదా వేశారు. అప్పుడు మేమూ ఆందోళన పడ్డాం. ఆ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాయిదా వేసిన మొత్తానికి 6 శాతం వడ్డీ కట్టాలని 2021 ఫిబ్రవరిలో కోర్టు చెప్పింది. మా సగం జీతం వాయిదా పడింది, వడ్డీతో సహా మా హక్కుగానే మిగిలింది. దర్జీ పోగొట్టుకున్న రంజాన్‌కు వడ్డీ సంగతి అటుంచి, అసలు కూడా తిరిగి రాలేదు. ఈ వ్యాసంలో మేము వాడే రెండు మాటలు ఇవే: వాయిదా, నష్టం.

దేశమంతటి లెక్క కూడా ఇదే చెబుతుంది. 2020 ఏప్రిల్‌లో దాదాపు 12 కోట్ల మంది పని కోల్పోయారని సీఎంఐఈ సంస్థ సర్వే అంచనా వేసింది. వారిలో 9 కోట్ల మందికి పైగా చిరు వ్యాపారులూ రోజుకూలీలే. అయితే అదే సర్వే మరో సంగతి కూడా చూపింది. ఆంక్షలు సడలగానే ఈ పనులు చాలావరకు త్వరగానే తిరిగి వచ్చాయి. బండి తోసుకుని రోడ్డు మీదికి రావడానికి నియామక పత్రం అక్కర్లేదు కదా. పని తిరిగి వచ్చింది, కాని ఆ మధ్యలో చేసిన అప్పు, అమ్ముకున్న బంగారం తిరిగి రాలేదు.

ఆకలి విషయంలో సాయం త్వరగా అందిందని కూడా చెప్పుకోవాలి. రాష్ట్రంలో మార్చి 29 నుంచే ఉచిత బియ్యం, కిలో కందిపప్పు ఇచ్చారు. ఏప్రిల్ 4న వాలంటీర్లు రేషన్ కార్డు ఇళ్లకు 1000 రూపాయలు పంచారు. మధ్యాహ్న భోజనం బియ్యం, గుడ్లు, చిక్కీలు పిల్లల ఇళ్లకు చేరాయి. మనలాంటి సంస్థలు కిరాణా కిట్లు పంచాయి. ఆకలి కంటికి కనిపిస్తుంది, కనిపించిన దానికి చేయి ముందుకు వస్తుంది. కనిపించనివి ఇంటి లోపల జరిగాయి.

ఇల్లు: జోన్లు చూపిన తేడా

మే 1న కేంద్రం జిల్లాలను రెడ్, ఆరెంజ్, గ్రీన్ జోన్లుగా విడదీసింది. మన రాష్ట్రంలో ఒక్క విజయనగరం మాత్రమే గ్రీన్. దాని పక్కనే ఉన్న విశాఖ, శ్రీకాకుళం ఆరెంజ్. గుంటూరు, కృష్ణా, కర్నూలు, నెల్లూరు, చిత్తూరు రెడ్. గ్రీన్ జిల్లాలో సగం మందితో బస్సు నడపడానికి కూడా కేంద్ర నిబంధనలు ఒప్పుకున్నాయి. రెడ్ జిల్లాలో ఆటో కూడా తిరగకూడదు.

ముందు చెప్పిన మళ్ల పోలిక ఇక్కడ దొరికింది. జబ్బు భయం దేశమంతా ఉంది. ఇంట్లో కట్టిపడేసిన తీరు మాత్రం జిల్లాను బట్టి మారింది. సరవణ రవీంద్రన్, మనీషా షా అనే ఆర్థికవేత్తలు జాతీయ మహిళా కమిషన్‌కు వచ్చిన ఫిర్యాదులను జోన్ల వారీగా పోల్చారు. గ్రీన్ జిల్లాలతో పోలిస్తే రెడ్ జిల్లాల్లో గృహహింస ఫిర్యాదులు బాగా పెరిగాయి. బయటి ప్రదేశాల్లో జరిగే లైంగిక దాడుల ఫిర్యాదులు తగ్గాయి. ఇల్లు అందరికీ ఒకే రక్షణ కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఈ లెక్కకు ఒక లోపం ఉంది. ఫిర్యాదు చేయాలంటే చేతిలో ఫోను ఉండాలి, ఎవరూ వినకుండా మాట్లాడే చోటు ఉండాలి. ఒకే గది ఇంట్లో ఆ రెండూ లేవు. కనుక నిజం ఈ లెక్క కంటే ఎక్కువే అయ్యుంటుంది.

ఇంటి చాకిరీ సంగతి చూద్దాం. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసేవారిలో ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. లాక్‌డౌన్ మొదట్లో మగవాళ్లు కాస్త ఎక్కువ పని అందుకున్నారని ఆర్థికవేత్త అశ్వినీ దేశ్‌పాండే పరిశీలించారు. పనులు తెరిచాక ఆ మార్పు చాలావరకు వెనక్కి పోయింది. అయితే ఈ చాకిరీకి బడితో ఒక ముడి ఉంది. బడి మూతపడితే పాఠం చెప్పే పని ఇంటి మీద పడుతుంది. ఐదు గంటల పని మీద అదనంగా ఆ బాధ్యత తల్లిదే అవుతుంది. చదువుకున్న తల్లి, తీరిక ఉన్న తల్లి చెప్పగలదు. అక్షరం రాని తల్లి పిల్లవాణ్ణి పలక ముందు కూర్చోబెట్టగలదు, అంతే.

బడి: 17 నెలల్లో 78 రోజులు

2020 మార్చి 19న రాష్ట్రంలో బడులు మూశారు. ఆ వేసవిలోనే దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు మొదలయ్యాయి. తర్వాత పిల్లలను మూడు రకాలుగా విడదీసి జాబితాలు తయారు చేయమన్నారు. ఇంటర్నెట్ ఉన్నవారు హైటెక్. టీవీ, రేడియో ఉన్నవారు లోటెక్. ఏదీ లేనివారు నోటెక్. ఒకే తరగతి గదిలో ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లలు కాగితం మీద మూడు వర్గాలయ్యారు. బెంచీ ఉన్నప్పుడు ఈ తేడా ఉంది, కాని పాఠానికి అడ్డు రాలేదు. బెంచీ తీసేయగానే అదే పాఠాన్ని నిర్ణయించింది.

ఫోను ఉంటే చదువు ఉన్నట్లేనా? 2018లో సుమారు 36 శాతం గ్రామీణ విద్యార్థుల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంటే, 2020 సెప్టెంబరుకు అది 61.8 శాతమైందని అసర్ సర్వే చెప్పింది. అయితే సర్వేకు ముందు వారంలో బడి నుంచి ఏదైనా పాఠం అందినవారు మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ మంది మాత్రమే. ఇంట్లో ఫోను ఉండటం వేరు, తండ్రి పనికి పోయాక పిల్ల చేతిలో ఉండటం వేరు, అందులో డేటా ఉండటం వేరు. ఇద్దరు పిల్లలు, ఒక ఫోను ఉన్న ఇంట్లో పదో తరగతి అన్నకు ఇచ్చి ఒకటో తరగతి చెల్లెలికి ఇవ్వరు. అలా ఇవ్వకపోవడం సహజం కూడా.

ఇప్పుడు ఆ చెల్లెలి లెక్క చూద్దాం. 2020-21లో ఒకటో తరగతిలో చేరిన పాప అనుకుందాం. 9, 10 తరగతులకు నవంబరు 2నే బడి తెరిచారు. ఒకటి నుంచి ఐదు తరగతులకు 2021 ఫిబ్రవరి 1 వరకు తెరవలేదు. రెండో వేవ్ రాగానే ఏప్రిల్ 20 నుంచి మళ్లీ మూశారు. ఆగస్టు 16న తిరిగి తెరిచే సరికి ఆ పాప రెండో తరగతి. మొత్తం 17 నెలల్లో ఆమె తరగతికి తలుపు తెరిచి ఉన్నది ఫిబ్రవరి 1 నుంచి ఏప్రిల్ 19 వరకు, అంటే 78 రోజులు. ఆదివారాలూ పండుగలూ తీసేస్తే ఇంకా తక్కువ. ఆ 78 రోజుల్లోనే అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు రావాలి. మామూలుగా మేము ఒక్క గుణింతాలకే కొన్ని నెలలు తీసుకుంటాం.

ఈ పాప మూడో తరగతికి వచ్చినది 2022-23లో. సరిగ్గా ఆ ఏడాదే అసర్ బృందాలు మళ్లీ ఊళ్లకు వచ్చాయి. వారి పద్ధతి తేలిక. పిల్లను విడిగా కూర్చోబెట్టి రెండో తరగతి స్థాయి చిన్న కథ చదవమంటారు. 2018లో మన రాష్ట్ర గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో 22.6 శాతం మంది అది చదవగలిగారు. 2022లో 10.3 శాతం. దేశం మొత్తం మీద 27.3 నుంచి 20.5కు తగ్గింది. మన దగ్గర సగానికి పైగా పడిపోయింది. ముందున్న 22.6 కూడా గొప్ప సంఖ్య కాదన్నది మరచిపోకూడదు. బలహీనంగా ఉన్న గోడకే వరద తగిలింది.

పరీక్షల ఫలితాలను చూసి ఇదే మాట చెప్పవచ్చా? పదో తరగతిలో 2019లో 94.88 శాతం ఉత్తీర్ణులైతే, రెండేళ్లు పరీక్షలు రద్దయ్యాక 2022లో 67.26 శాతం మందే పాసయ్యారు. అయితే అదే ఏడు పేపర్ల సంఖ్య కూడా మారింది. కనుక ఆ తగ్గుదల అంతా లాక్‌డౌన్ ఖాతాలో వేయలేం. ఈ విషయంలో చక్కని పోలిక నెదర్లాండ్స్‌లో దొరికింది. అక్కడ 2020లో బడుల మూతకు కాస్త ముందు ఒక జాతీయ పరీక్ష, తెరిచిన వెంటనే మరొకటి జరిగాయి. మూత 8 వారాలే, దాదాపు ఇంటింటా ఇంటర్నెట్ ఉంది. అయినా పిల్లలు ఇంట్లో నేర్చుకున్నది దాదాపు ఏమీ లేదని తేలింది. తక్కువ చదువుకున్న తల్లిదండ్రుల పిల్లలకు నష్టం 60 శాతం వరకు ఎక్కువ. ఇన్ని వసతులున్న దేశంలో 8 వారాలకే అలా జరిగితే, మన పాప 17 నెలల సంగతి వేరే చెప్పాలా?

మరో తేడా గమనించాలి. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2021 జనవరిలో ఐదు రాష్ట్రాల్లో పరిశీలిస్తే, 92 శాతం పిల్లలు అంతకు ముందు ఏడు తమకు వచ్చిన భాషా నైపుణ్యాల్లో కనీసం ఒకటి మరచిపోయారు. మరచిపోయినది గుర్తు చేస్తే వస్తుంది. అది వాయిదా లాంటిది. ఒకటో తరగతి పాప మరచిపోలేదు, అసలు నేర్చుకోనే లేదు. అక్షరం నేర్పే తరగతి దాటి పైకి వెళ్లిపోయాక ఆ అక్షరాన్ని ఎవరు నేర్పుతారు? నాలుగో తరగతి పుస్తకంలో గుణింతాల పాఠం ఉండదు. అందుకే ఇది దానంతట అది మానే దెబ్బ కాదు.

మానిన చోట ఎలా మానింది?

తమిళనాడులో సుమారు 19,000 మంది చిన్న పిల్లలను పరిశోధకులు ఇంటింటికీ వెళ్లి పరీక్షించారు. 2021 డిసెంబరులో పెద్ద వెనుకబాటు కనిపించింది, లెక్కల్లో మరీ ఎక్కువగా. బడి తెరిచిన ఆరు నెలలకు మళ్లీ చూస్తే అందులో మూడింట రెండు వంతులు పూడింది. ఆ పూడికలో దాదాపు నాలుగో వంతు ‘ఇల్లం తేడి కల్వి’ అనే కార్యక్రమం వల్లనే అని వారు లెక్క తేల్చారు. అది ఖరీదైన కార్యక్రమం కాదు. ఊళ్లో చదువుకున్న వాలంటీర్లు, ఎక్కువగా మహిళలు, సాయంత్రం గంట, గంటన్నర తమ వీధి పిల్లలను కూర్చోబెట్టి చదివించారు. పేద ఇళ్ల పిల్లలే దానికి ఎక్కువగా వచ్చారు.

ఇలాంటి పని మన దగ్గర చేయాలంటే మొదటి మెట్టు పరీక్ష. పిల్లను తరగతి అడగకుండా నాలుగు కాగితాలు ముందు పెట్టాలి: అక్షరాలు, రెండు మూడు అక్షరాల మాటలు, నాలుగు వాక్యాల పేరా, చిన్న కథ. ఎక్కడ ఆగితే అదే ఆమె మెట్టు. ఒక్కో పిల్లకు ఐదు నిమిషాలు చాలు. కథను గడగడా అప్పచెప్పే పిల్లను చూసి మోసపోకూడదు. బడి పుస్తకంలోది కంఠస్థం అయి ఉండవచ్చు. కొత్త కథ ఇస్తేనే తెలుస్తుంది. తర్వాత ఐదో తరగతి పిల్లవాడైనా, మూడో తరగతి పాపైనా ఒకే మెట్టు మీద ఉన్నవాళ్లను కలిపి కూర్చోబెట్టాలి. నెలకోసారి మళ్లీ అవే నాలుగు కాగితాలు, వేరే మాటలతో. మెట్టు ఎక్కని పిల్లకు చెప్పే తీరు మార్చాలి. బడి హోంవర్కు చేయించే ట్యూషనుగా ఇది మారిపోతే పని పాడవుతుంది. హోంవర్కు తరగతిని బట్టి ఉంటుంది, పిల్ల మెట్టును బట్టి కాదు.

మన సంస్థ విరాళాల్లో ఎక్కువ భాగం ఫీజులకు, నోటు పుస్తకాలకు, పై చదువుల స్కాలర్‌షిప్‌లకు వెళుతుంది. అవి అవసరమే, ఆపమని మేము అనం. అయితే స్కాలర్‌షిప్ చదవగలిగినవాళ్లకే అందుతుంది. మేము చెప్పిన ఆ పాప తరగతి 2029-30లో పదో తరగతి పరీక్ష రాస్తుంది. రంజాన్‌లో జకాత్ లెక్క చూసుకునేటప్పుడు, వీధికొక సాయంత్రం బడికి, దానిలో చెప్పే మన ఇంటి అమ్మాయికి నెలకు ఇంత గౌరవ వేతనం అని ఒక పద్దు వేరుగా రాయవచ్చేమో పెద్దలు ఆలోచించాలని కోరుతున్నాం. దర్జీ పోగొట్టుకున్న 2020 రంజాన్‌ను మనం తిరిగి ఇవ్వలేం. అతని కూతురి చదువు నష్టం పద్దులోకి పోకుండా వాయిదా పద్దులో ఉంచడం మాత్రం, ఆమె బడిలో ఉన్నంతవరకు మన చేతుల్లో ఉంది.